పరుపులక్క ఏడో వంతు

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఖాజీ గారి ఆఫీసులో గోడవారగా కూర్చుని, పోయినవాళ్ళ ఆస్తిని ఉన్నవాళ్ళకు పంచుతున్నాను. నిజానికి పంచేది శాస్త్రం. నేను గీతలు గీసి అంకెలు వేస్తాను, అంతే. ఈ విద్యను ఫరాయిజ్ అంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారో చెబితే చాలు, ఎవరికెంతో అది చెప్పేస్తుంది. ఎవరు మంచివాళ్ళో, ఎవరు చాకిరీ చేశారో, ఎవరు ఆసుపత్రిలో కుర్చీ మీద పడుకున్నారో అది అడగదు. అందుకే నా ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది నన్ను శాపనార్థాలు పెడతారు. మిగతా సగం మంది బయటికి వెళ్ళాక పెడతారు.

ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్న ఒకే ఒక్క తెలివి: వారసుల జాబితా పూర్తయ్యేదాకా అంకె నోట్లోంచి బయటికి రాకూడదు. ఆ నియమాన్ని ఒక్కసారి తప్పాను. పరుపులక్క విషయంలో తప్పాను. అందుకే ఆవిడ గురించి రాస్తున్నాను.

పరుపులక్క పరుపులు కుడుతుంది. ఏళ్ళనాటి పరుపు ముద్దలు కట్టి పడుకుంటే రాళ్ళు గుచ్చుకుంటున్నాయంటే జనం ఆవిడ దగ్గరికే మోసుకొస్తారు. కుట్లు విప్పుతుంది, దూది ఎండబెడుతుంది, ఏకి మళ్ళీ నింపి జానెడు పొడవు దబ్బనంతో టాకాలు వేస్తుంది. ఎప్పుడు చూసినా కనుబొమ్మల మీద, జుట్టులో దూది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేస్తుంది కాబట్టి ఆ వీధిలో చాలామందికి ఆవిడ కళ్ళు తప్ప ముఖం తెలియదు. ఒక్కర్తే ఉంటుంది. పెళ్ళయింది, మూడేళ్ళకే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఈ సంగతి ఎవరైనా అయ్యో పాపం అంటూ తవ్వితే, "పరుపు ఎప్పటికి కావాలి?" అని అడుగుతుంది.

వాళ్ళ నాన్నకు ఇద్దరు భార్యలు. మొదటావిడకు ఇద్దరు కూతుళ్ళు: పెద్దావిడ, నడిపావిడ. మొదటావిడ పోయాక వచ్చిన రెండో ఆవిడకు పుట్టింది పరుపులక్క. తల్లిదండ్రులంతా ఎప్పుడో వెళ్ళిపోయారు. పెద్దావిడ కాస్త దయగలది. గడియారాలు బాగుచేసే ఆయన్ని పెళ్ళి చేసుకుంది, పిల్లలు పుట్టలేదు, సొంత కష్టంతో ఇల్లు కట్టుకుంది. ఆ ఇంటి ముందు గదిలోనే పరుపులక్కకు చోటిచ్చింది. పరుపులక్క పందొమ్మిదేళ్ళు అక్కడే దూది ఏకింది, చివరి రెండేళ్ళు అక్కను కూడా అక్కడే కనిపెట్టుకుని ఉంది. ఆ అక్క పోయింది. నలభై రోజులు తిరగకుండానే ఇల్లు నా బల్ల మీదకు వచ్చింది.

తీసుకొచ్చింది ఇద్దరు. గడియారాల బావ, నడిపావిడ. గడియారాల బావ కన్ను చికిలించి చూసే అలవాటున్న మనిషి. మనల్ని కూడా లోపల ఏ చక్రం ఆగిందో చూస్తున్నట్టు చూస్తాడు. నడిపావిడ మాట్లాడటానికి ముందు నిట్టూరుస్తుంది, మాట్లాడాక కళ్ళు ఒత్తుకుంటుంది. ఆ రెంటి మధ్య మాత్రం చాలా స్పష్టంగా మాట్లాడుతుంది.

"పిల్లలున్నారా?" అన్నాను.

"లేరు మాస్టారూ."

"తండ్రి, తాత, తల్లి?"

"ఎవరూ లేరు."

"అన్నదమ్ములు?"

గడియారాల బావ నడిపావిడ వంక చూశాడు. నడిపావిడ నిట్టూర్చింది.

"మా నాన్నకు మగపిల్లలు లేరండీ," అంది.

రాసుకున్నాను. పరుపులక్క ఆ రోజు రాలేదు. ఎవరిదో పెళ్ళి పరుపు, సాయంత్రానికి ఇవ్వాలట. ఇద్దరి మాట మీద జాబితా మూసేశాను. మూడో వారసురాలిని, అందరికంటే తక్కువ వాటా ఉన్న మనిషిని, ఒక్క మాట కూడా అడగలేదు. అదీ నా ఘనకార్యం.

అంత్యక్రియల ఖర్చులు, చిల్లర బాకీలు తీర్చేశారు. వీలునామా లేదు. మిగిలింది ఇల్లు ఒక్కటే. విలువ కట్టించారు, ఎనభై నాలుగు లక్షలు. ఇక లెక్క. చనిపోయిన భార్యకు సంతానం లేకపోతే భర్తకు సగం. ఒక్కర్తే సొంత చెల్లెలు, అంటే ఒకే తల్లీ ఒకే తండ్రీ అయిన చెల్లెలు ఉంటే, ఆమెకు సగం. ఒకే తండ్రి, వేరే తల్లి అయిన మారు చెల్లెలు కూడా ఉంటే ఆమెకు ఆరో వంతు. సగం, సగం కలిస్తేనే ఇల్లు అయిపోయింది కదా, మరి ఆరో వంతు ఎక్కడిది? ఈ ప్రశ్న పాతకాలం పెద్దలకూ వచ్చింది. వాళ్ళ జవాబు ఇది. ఆస్తిని ఆరు భాగాలు చేస్తే భర్తకు మూడు, సొంత చెల్లెలికి మూడు, మారు చెల్లెలికి ఒకటి. ఏడు అవుతోంది కాబట్టి ఏడే చెయ్యి. ఆరు దిళ్ళకు తెచ్చిన దూదితో ఏడు నింపినట్టు. ఏదీ ఖాళీగా ఉండదు, అన్నీ కాస్త పలచబడతాయి. మూడు, మూడు, ఒకటి. ముప్పై ఆరు లక్షలు, ముప్పై ఆరు లక్షలు, పన్నెండు లక్షలు.

ముందు గదిని కొలవడానికి నేనే వెళ్ళాను. పరుపులక్క ముక్కుగుడ్డ విప్పి నిలబడింది. గది విలువ ఇంచుమించు పన్నెండు లక్షలు తేలింది. టేపు చుట్టేస్తుంటే నోరు ఊరుకోలేదు.

"మీకు ఏడో వంతు వస్తుందమ్మా. ఈ గది మీకే రాయించుకోవచ్చు," అన్నాను.

ఆవిడ గోడ మీద చెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచింది.

"నా పేరు మీదా?" అంది.

"మీ పేరు మీదే."

"అయితే ఆ కిటికీ పెద్దది చేయించుకుంటాను. దూది లోపలే తిరుగుతోంది, ఊపిరాడట్లేదు," అంది.

వారంలో కిటికీ పెద్దదైంది. ఉన్న పొదుపంతా కిటికీకి పెట్టేసింది. అంత సంతోషంలో ఎవరైనా చేసే పనే ఇంకొకటి చేసింది. తమ్ముడికి, వాడు ఎప్పుడో ఇచ్చిపోయిన పాత చిరునామాకు, ఉత్తరం రాసింది. పెద్దక్క పోయిందిరా, ఇల్లు పంచుతున్నారు, నాకు గది వస్తోంది, ఒకసారి వచ్చి చూసిపో అని.

అవును, తమ్ముడు. రెండో ఆవిడకు పరుపులక్క తర్వాత పుట్టినవాడు. వాడు ఏడాది పిల్లవాడిగా ఉన్నప్పుడు తల్లి పోతే, తొమ్మిదేళ్ళ పరుపులక్క వాణ్ణి చంకనేసుకుని పెంచింది. పెద్దయ్యాక పదకొండేళ్ళ కింద ఏదో వ్యాపారమని వేరే ఊరు వెళ్ళాడు, ఇంతవరకూ మనిషి లేడు, డబ్బు లేదు, ఉత్తరం లేదు. నేను అడగలేదు కాబట్టి ఆవిడ చెప్పలేదు. వాడు లెక్కలోకి వస్తాడని ఆవిడకేం తెలుసు?

వాడు ఉత్తరం అందిన నాలుగో రోజున కోటు వేసుకుని దిగాడు. అక్కను చూడటానికి గదికి వెళ్ళలేదు. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"నేను మగవాణ్ణి మాస్టారూ," అన్నాడు.

"కనిపిస్తోంది," అన్నాను.

"మగవాడికి రెండు, ఆడవాళ్ళకు ఒకటి. అంతే కదా శాస్త్రం? బావకు సగం పోగా మిగిలింది నలభై రెండు. నాకు రెండు భాగాలు, నడిపక్కకొకటి, చిన్నక్కకొకటి. నాకు ఇరవై ఒక్క లక్షలు. బస్సులోనే లెక్క కట్టుకున్నాను."

బస్సుల్లో కట్టే లెక్కలన్నీ ఇలాగే ఉంటాయి. నాకు నవ్వు రావాల్సింది, కలం కింద పెట్టేశాను. వీడు నిజంగా తమ్ముడే అయితే ఏమవుతుందో ఆ క్షణంలోనే తెలిసింది. కానీ జాబితా తేలకుండా అంకె చెప్పకూడదన్న నియమం గుర్తొచ్చింది. అవసరమైనప్పుడు గుర్తురాక, ఇప్పుడు తీరిగ్గా వచ్చింది. వచ్చే బుధవారం ఖాజీ గారి ముందుకు రమ్మన్నాను.

బుధవారం గడియారాల బావ కోటును ఎగాదిగా చూశాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"అదేంటి బావా!"

"బావా లేదు, గీవా లేదు. ఖాజీ గారూ, ఈ మనిషిని నేనెప్పుడూ చూడలేదు."

నడిపావిడ నిట్టూర్చింది. "మా పినతల్లి ఎవరినో తెచ్చి పెంచుకుందండీ. పాపం అనాథ. మా నాన్న కొడుకు కాదు. మా నాన్న ముక్కు చూడండి, ఈయన ముక్కు చూడండి," అని కళ్ళు ఒత్తుకుంది.

పుట్టిన కాగితాలున్న పాత ఆఫీసు వరదలో మునిగిపోయింది. తమ్ముడు ఒక ఫొటో తెచ్చాడు. అందులో తండ్రి ఒడిలో ఒక పిల్లవాడున్నాడు గానీ ముఖం ఉండాల్సిన చోట చెమ్మ మరక ఉంది. తమ్ముడు ఊరుకుంటాడా? గుండెలు బాదుకున్నాడు. నాన్న నడక నాదే, నాన్న దగ్గు నాదే అన్నాడు, దగ్గి చూపించాడు. నా రక్తం నేను వదులుకోనన్నాడు. ఖాజీ గారు చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుని, సాక్ష్యాలు చూసుకుని మళ్ళీ బుధవారం రండి అన్నారు. పరుపులక్క మూలన కూర్చుని తమ్ముడి వంకే చూస్తోంది. ఏమైనా తిన్నాడో లేదో అన్న చూపు అది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు, అలవాటు ప్రకారం.

ఈ మధ్యలో గడియారాల బావ పక్క వీధిలో ఇంకో లెక్కల మనిషి దగ్గరికి వెళ్ళాడు. ఆ కోటును ఎలా తప్పించాలో అడగడానికి వెళ్ళి, అసలు సంగతి తెలుసుకుని వచ్చాడు. తర్వాతి బుధవారం మా ఆఫీసు మెట్ల మీదే చేతులు చాపాడు.

"బావమరిదీ!" అని తమ్ముణ్ణి వాటేసుకున్నాడు. "ఎంత చిక్కిపోయావురా! ఖాజీ గారూ, పొరపాటు పడ్డాం. వీడు అచ్చం మా మామగారే. ఆ నడక చూడండి."

"మా నాన్న ముక్కేనండీ," అంది నడిపావిడ. ఈసారి నిట్టూర్పు ఆనందానిది. "ఆ రోజు ముసురులో సరిగా కనపడలేదు గానీ, తిన్నగా చూస్తే అదే ముక్కు. నా తోడబుట్టినవాడు కాకపోతే ఎలా ఉంటుందండీ అలాగ!"

తమ్ముడు పొంగిపోయాడు. కోటు గుండీలు ఊడతాయేమో అనిపించింది. "రక్తం ఊరికే పోదు కదా ఖాజీ గారూ," అన్నాడు.

ఖాజీ గారు నా వైపు తిరిగారు. "మాస్టారూ, రెండు విధాలా లెక్క చదవండి. ఈయన కొడుకు కాకపోతే ఏంటి, అయితే ఏంటి."

చదివాను. కాకపోతే భర్తకు ముప్పై ఆరు, నడిపావిడకు ముప్పై ఆరు, పరుపులక్కకు పన్నెండు.

"ఇక అయితే," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. "ఒకే తండ్రికి పుట్టిన మారు తమ్ముడు ఉంటే, మారు చెల్లెలికి ఆ ఆరో వంతు ఉండదు. ఆమె తమ్ముడితో కలిసి మిగులు తీసుకునేవాళ్ళలోకి వెళ్ళిపోతుంది. ఖాయం వాటాలన్నీ ఇచ్చాక ఏదైనా మిగిలితే, అప్పుడు తమ్ముడికి రెండు, ఆమెకు ఒకటి. సొంత చెల్లెలు మాత్రం ఈ తమ్ముడితో కలవదు, ఆమె సగం ఆమెదే. భర్తకు సగం, నలభై రెండు. నడిపావిడకు సగం, నలభై రెండు. మిగులు లేదు."

"మరి నా రెండు?" అన్నాడు తమ్ముడు.

"సున్నాలో రెండు భాగాలు మీవి. ఒక భాగం మీ అక్కది."

గడియారాల బావ బావమరిది భుజం మీద చెయ్యి ఇంకా తియ్యలేదు. ఆరు లక్షల భుజం మరి. నడిపావిడకు ఇంకో ఆరు. ఆ రెండు ఆరులూ కలిస్తే పరుపులక్క గది.

తమ్ముడు ఆ చెయ్యి విదిలించుకున్నాడు. "అయితే నా వాటా నేను వదిలేస్తున్నాను. అక్కకు పన్నెండూ ఇచ్చేయండి."

"మీకు వాటా ఉంటే కదా వదలడానికి! లెక్కను మార్చింది మీ వాటా కాదు, మీరు ఉండటం."

"అయితే… అయితే నేను ఆయన కొడుకునని అంత గట్టిగా చెప్పలేనండీ," అన్నాడు. నిజం, నా చెవులతో విన్నాను. "ఆ ఫొటోలో ముఖం సరిగా లేదు కదా. అమ్మ ఎవరినో తెచ్చి పెంచుకుందని నేను కూడా ఎక్కడో విన్నాను. ముక్కు చూడండి. ఏమైనా పోలిక ఉందా?"

"అదే ముక్కు!" అని అరిచింది నడిపావిడ.

"ఆ దగ్గు కూడా మామగారిదే! దగ్గరా, దగ్గు!" అన్నాడు గడియారాల బావ.

తమ్ముడు పెదవులు బిగించుకుని, దగ్గు రాకుండా ఆపుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో తండ్రి పేరు కోసం కొట్టుకున్నవాళ్ళను చూశాను గానీ, వారం తిరక్కుండా ఇటువాళ్ళు అటూ అటువాడు ఇటూ దూకి కొట్టుకోవడం అదే మొదటిసారి. ఖాజీ గారు కళ్ళద్దాలు బల్ల మీద పెట్టేశారు.

"మీ ముగ్గురూ రెండు వారాల్లో రెండు సాక్ష్యాలు చెప్పారు. మీ మాట నాకు పనికిరాదు," అన్నారు. తర్వాత మూలకు తిరిగారు. "అమ్మా, ఇంతవరకూ ఒక్క మాటా మాట్లాడనిది నువ్వే. వాడికంటే పెద్దదానివి, వాడు పుట్టినప్పుడు ఇంట్లో ఉన్నదానివి. నీ మాట మీద రాస్తాను. ఆలోచించుకుని చెప్పు. మాస్టారు చదివింది విన్నావు కదా."

ఆవిడ ఒక్క మాట, కాదు అంటే చాలు. గది ఆవిడది, కొత్త కిటికీతో సహా. నేను బల్ల మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టాను, సర్దడానికేమీ లేకపోయినా. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో ఆవిడ అబద్ధం చెప్పాలని కోరుకున్నాను.

తమ్ముడు బెంచీ మీద జరుగుతూ ఆవిడ దాకా వెళ్ళాడు. "అక్కా, కాదని చెప్పు. నీకొస్తే నాకొచ్చినట్టే కదా. సగం సగం చూసుకుందాం. ఒక్క మాట అక్కా."

పరుపులక్క వాడి కోటు భుజం మీద పడ్డ దూది పోగును తీసి పడేసింది. అది ఆవిడ జుట్టులోంచి రాలినదే.

"వీడు పుట్టినప్పుడు బొడ్డు కోసిన మంత్రసానికి వేణ్ణీళ్ళు కాచి ఇచ్చింది నేనండీ," అంది ఖాజీ గారితో. "నాన్న వాణ్ణి ఎత్తుకుని చెవిలో పేరు చెబుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. వీడు మా నాన్న కొడుకే. నా తమ్ముడే."

"అక్కా!" అన్నాడు వాడు.

"నోర్ముయ్యి. పదకొండేళ్ళు చచ్చావో బతికావో తెలియక ఏడ్చాను. చచ్చిపోయావని ఎవరైనా చెబితే నమ్మేదాన్నేమో. ఇప్పుడు అసలు పుట్టనే లేదని నా నోటితో నేను చెప్పాలా? గది కోసం?"

ఖాజీ గారు నా వైపు చూసి తల ఊపారు. రాశాను. భర్తకు ఒకటి, సొంత చెల్లెలికి ఒకటి, మొత్తం రెండు. కింద మారు తమ్ముడు, మారు చెల్లెలు, వాళ్ళ గడుల్లో అడ్డగీత. శాస్త్రం ప్రకారం ఆ కాగితంలో ఒక్క తప్పు కూడా లేదు. అంత తప్పులేని కాగితం రాసి అంత బాధపడటం నాకు అదే మొదలు.

ఒక ప్రయత్నం చేశాను. పంపకం సమయంలో వాటా రాని చుట్టాలు ఎదురుగా ఉంటే, వాళ్ళకూ కాస్త ఇవ్వండి, మంచి మాట చెప్పండి అని శాస్త్రంలోనే ఉంది. ఆ ఇంటికే వెళ్ళి, పరుపులక్క ఎదురుగానే గడియారాల బావకూ నడిపావిడకూ అది చదివి వినిపించాను. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. అందులో రెండో సగం వాళ్ళకు బాగా నచ్చింది.

"నువ్వు మా ఇంటి మనిషివమ్మా. నీలాంటి మనసు ఎవరికుంటుంది!" అన్నాడు గడియారాల బావ.

నడిపావిడ కళ్ళు ఒత్తుకుని లోపలికెళ్ళి ఒక దిండు తెచ్చి ఇచ్చింది. దాన్ని కుట్టింది పరుపులక్కే. టాకాలు చూడగానే పోల్చుకుంది గానీ, ఏమీ అనకుండా తీసుకుంది.

నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నారు. ఆ రోజు పొద్దున కాగితం నకలు ఇవ్వాలన్న వంకతో నేనూ వెళ్ళాను. దూది బస్తాలు, మూటలు అప్పటికే బండెక్కాయి. పత్తి మిల్లు వెనక ఒక రేకుల షెడ్డు అద్దెకు దొరికిందట. గదిలో ఇనప మంచం ఒక్కటే మిగిలింది. తమ్ముడు కోటు చేతి మీద వేసుకుని, పెద్ద కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. సాయంత్రం బస్సు ఉందట, కాసేపట్లో బయల్దేరాలట.

"అక్కా, ఇక నేను…" అన్నాడు.

"ఎక్కడికి? పది మందిలో నా తమ్ముడివని చెప్పాను," అంది పరుపులక్క. "ఊరికే చెప్పలేదు. ఆ కోటు కిటికీలో పెట్టి, కాళ్ళవైపు పట్టుకో."

వాడు నన్ను చూశాడు, మంచాన్ని చూశాడు. కోటు కిటికీలో పెట్టి వంగి పట్టుకున్నాడు. ఆవిడ తలవైపు ఎత్తింది. మంచం గుమ్మంలో అడ్డం పడింది.

"మాస్టారూ, ఊరికే నిలబడతారేంటి, ఆ తలుపు పట్టుకోండి," అంది.

పట్టుకున్నాను.